సబ్సిడీ డబ్బు ఎవరి చేతికీ రాదు: పీఎంఈజీపీ రుణానికి పది శాతం అడిగేవారి సంగతి

ప్రశ్న: నేను ఏడో తరగతి వరకు చదివాను. మా ఊళ్లో ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. నాలుగైదు మిషన్లు పెట్టి నైటీలు, బడి పిల్లల యూనిఫారాలు కుట్టించి అమ్మాలని ఉంది. తెలిసినాయన ఒకరు ప్రధానమంత్రి రుణం ఆరు లక్షలు ఇప్పిస్తానన్నారు. అందులో రెండు లక్షలకు పైగా సబ్సిడీ అట. మొత్తం మీద తనకు పది శాతం ఇవ్వాలట, ముందు పది వేలు కట్టాలట. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ కూడా తనే తెప్పిస్తానన్నారు. నిజంగా నాకు అర్హత ఉందా? ఆయనకు డబ్బు ఇవ్వవచ్చా?

సమాధానం:

ఇవ్వకండమ్మా. పది వేలూ వద్దు, పది శాతమూ వద్దు, ఆ సర్టిఫికెట్ అసలే వద్దు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీకు అర్హత ఉంది. ఆ దొంగ సర్టిఫికెట్‌తో పని లేకుండానే ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేశాను, ఎక్కువ కాలం పల్లెల్లోని శాఖల్లోనే. చివరి నాలుగేళ్లు స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో పాఠాలు చెప్పాను. ఈ పది శాతం మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు ఆ పథకం పేరు ఏమిటో తేల్చుకోవాలి. 'ప్రధానమంత్రి రుణం' అంటే ఏదైనా కావచ్చు. ముద్ర రుణం ఉంది. అది 2015లో మొదలైంది, హామీ ఆస్తి అడగరు, కానీ అందులో సబ్సిడీ ఒక్క రూపాయి కూడా లేదు. తీసుకున్నదంతా వడ్డీతో కట్టాల్సిందే. ముద్రలో సబ్సిడీ ఇప్పిస్తానని ఎవరైనా అంటే అక్కడే మాట ఆపేయవచ్చు. విశ్వకర్మ పథకం ఉంది. అది 2023 సెప్టెంబరులో మొదలైంది, దర్జీ పనివారూ అందులో ఉన్నారు. కొద్ది రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, ఆ తరువాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల రుణం. ఇక ఆరు లక్షలు, రెండు లక్షల సబ్సిడీ అన్న లెక్క సరిపోయేది పీఎంఈజీపీకి, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకానికి. అంతకుముందున్న రెండు పథకాలను కలిపి 2008లో దీన్ని తెచ్చారు. దేశం మొత్తం మీద ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ నడుపుతుంది. జిల్లాలో ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రం చూస్తాయి. మీ మనిషి చెప్పింది దీని గురించే అనుకుని రాస్తున్నాను.

ఈ పథకంలో సబ్సిడీ ఎలా నడుస్తుందో తెలిస్తే ఏజెంటు మాటలు వాటంతట అవే విడిపోతాయి. చాలామంది అనుకున్నట్టు అది మీ ఖాతాలో పడే డబ్బు కాదు. మీ ఆరు లక్షల లెక్కే తీసుకుందాం. మీరు మహిళ కాబట్టి ప్రత్యేక వర్గంలోకి వస్తారు. కులంతో సంబంధం లేకుండా మహిళలందరూ అందులోనే ఉంటారు. ప్రత్యేక వర్గం వారు సొంతంగా పెట్టాల్సింది 5 శాతం, అంటే 30,000 రూపాయలు. మిగిలిన 5,70,000 బ్యాంకు మంజూరు చేస్తుంది. యూనిట్ పెట్టేది గ్రామీణ ప్రాంతంలో అయితే సబ్సిడీ 35 శాతం, అంటే 2,10,000. పట్టణంలో పెడితే 25 శాతమే.

బ్యాంకు మొదటి విడత రుణం ఇచ్చాక ఈ 2,10,000 కోసం ఖాదీ కమిషన్‌కు ఆన్‌లైన్‌లో క్లెయిమ్ పెడుతుంది. డబ్బు వచ్చాక మీ పేరు మీద డిపాజిట్‌గా వేస్తుంది. దాన్ని మూడేళ్ల పాటు మీరూ కదపలేరు, బ్యాంకూ కదపలేదు. ఆ డిపాజిట్ మీద మీకు వడ్డీ రాదు. దానికి బదులుగా మీ రుణంలో అంత మొత్తం మీద బ్యాంకు వడ్డీ వేయదు. అంటే ఆ డబ్బు వచ్చిన నాటి నుంచి మీరు వడ్డీ కట్టేది 3,60,000 మీద మాత్రమే. మూడేళ్ల తరువాత ఎవరో ఒకరు వచ్చి మీ యూనిట్ చూస్తారు. మిషన్లు ఉన్నాయా, పని నడుస్తోందా అని చూసి రాస్తారు. అన్నీ సరిగా ఉంటేనే ఆ డిపాజిట్‌ను మీ అప్పులో జమ చేస్తారు. యూనిట్ లేకపోతే 2,10,000 వెనక్కి పోతుంది, మొత్తం అప్పు మీ నెత్తిన మిగులుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. సబ్సిడీ మూడేళ్లు బ్యాంకు లోపలే ఉంటుంది. మరి ఆ పెద్దమనిషి అడుగుతున్న 60,000 ఎక్కడి నుంచి రావాలి? మీ రుణం నుంచే రావాలి. అంటే మీరు వడ్డీకి తెచ్చిన డబ్బు నుంచి. 11 శాతం వడ్డీ, ఐదేళ్ల వాయిదాలు అనుకుంటే ఆ 60,000 కోసం మీరు నెలకు సుమారు 1,300 చొప్పున మొత్తం 78,000 దాకా కడతారు. ఒక్క నైటీ కూడా కుట్టని మనిషికి అది మీరు కట్టే జీతం.

వడ్డీ కంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మిషన్ల డబ్బును బ్యాంకు మీ చేతికి ఇవ్వదు. మీరు తెచ్చిన కొటేషన్ ప్రకారం దుకాణం ఖాతాకే నేరుగా పంపుతుంది. అందులోంచి 60,000 బయటికి రావాలంటే దుకాణదారు కూడా కలవాలి. ఏజెంటే ఒక దుకాణం చూపిస్తాడు, ఎక్కువ ధరతో కొటేషన్ రాయిస్తాడు, తక్కువ సరుకు దింపుతాడు, తేడా చేతులు మారుతుంది. నేను ఒకసారి ఒక యూనిట్ చూడటానికి వెళ్లాను. బిల్లులో ఐదు కొత్త పవర్ మిషన్లు ఉన్నాయి. గదిలో ఐదూ ఉన్నాయి, ఆకుపచ్చ రంగు మెరుస్తోంది. ఒకదాని మోటారు పక్కన వేలితో రుద్దితే రంగు పొరలా లేచింది. కింద తుప్పు. నంబరు పలక ఉండాల్సిన చోట రెండు ఖాళీ రంధ్రాలు. ఆ ఇల్లాలు తలుపు దగ్గర నిలబడి, 'ఇవే కొత్తవని చెప్పారు సార్' అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెకు పవర్ మిషను చూడటం అదే మొదటిసారి. సబ్సిడీ వెనక్కి పోయింది, పాత మిషన్లకు కొత్త మిషన్ల అప్పు ఆమె కట్టుకుంది. ఏజెంటు ఫోను అప్పటికే పని చేయడం లేదు. అందుకే చెబుతున్నాను, మిషన్ల కొటేషన్ మీరే తెచ్చుకోండి. మీ జిల్లా కేంద్రంలో రెండు దుకాణాలకు వెళ్లి, మిషను నడిపి చూసి, మోడల్ పేరుతో, జీఎస్టీ నంబరుతో రాయించుకోండి.

ఇక మీ చదువు సంగతి. ఇక్కడే ఆ మనిషి మిమ్మల్ని భయపెట్టాడు. ఈ పథకంలో వయసు 18 నిండాలి, ఆదాయ పరిమితి లేదు. ఎనిమిదో తరగతి షరతు అందరికీ లేదు. వస్తువులు తయారుచేసే యూనిట్ అయితే ప్రాజెక్టు ఖర్చు 10 లక్షలు దాటినప్పుడు, సేవ లేదా వ్యాపారం అయితే 5 లక్షలు దాటినప్పుడు మాత్రమే ఆ షరతు వర్తిస్తుంది. ఇతరులు తెచ్చిన గుడ్డతో బ్లౌజులు కుట్టి కూలి తీసుకుంటే అది సేవ. మీరే గుడ్డ కొని, కత్తిరించి, నైటీలు, యూనిఫారాలు కుట్టి అమ్మితే అది తయారీ. మీరు పెట్టాలనుకుంటున్నది రెండోది. ఆరు లక్షల తయారీ యూనిట్‌కు చదువు షరతే లేదు. దరఖాస్తులో 'టైలరింగ్' అని రాస్తే సేవ కింద పడి, ఆరు లక్షలకు ఎనిమిదో తరగతి అడుగుతుంది. 'రెడీమేడ్ దుస్తుల తయారీ' అని ఉంటే, నిజంగా మీ పని అదే అయితే, అడగదు. నిజంగా అదే అయితే అని ఎందుకు అన్నానంటే, కాగితం మీద తయారీ అని రాసి లోపల బ్లౌజుల కూలిపని మాత్రమే చేస్తే తనిఖీలో అది కూడా తప్పే అవుతుంది. బ్లౌజుల పనినే పెంచుకోవాలని మీ మనసులో ఉంటే ఐదు లక్షల లోపు సేవా యూనిట్‌గా వేసుకోండి. అప్పుడూ చదువు అడ్డం రాదు. ఏ దారిలోనూ మీకు ఆ సర్టిఫికెట్ అవసరం లేదు. దొంగ సర్టిఫికెట్ పెట్టి దొరికితే రుణం పోవడమే కాదు, కేసు మీ మీద పడుతుంది. తెచ్చిచ్చిన మనిషి పేరు ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు.

మిగిలిన అర్హతలు మూడు చూసుకోండి. ఒకటి, భార్యాభర్తల్లో ఒక్కరికే ఈ పథకం. మీవారు ఎప్పుడైనా తీసుకుని ఉంటే మీకు రాదు. రెండు, కొత్త యూనిట్‌కే ఇస్తారు. ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌కు, కేంద్రం నుంచో రాష్ట్రం నుంచో మరో పథకంలో సబ్సిడీ పొందిన యూనిట్‌కు ఇవ్వరు. ఇంట్లో ఒక మిషను మీద బ్లౌజులు కుడుతున్నానన్న మాట దాచకండి. కొత్తగా పెట్టేది వేరే పని, వేరే మిషన్లు అని ఉన్నదున్నట్టు అధికారికి చెప్పండి. బీసీ, ఎస్సీ కార్పొరేషన్ల నోటిఫికేషన్ వచ్చినప్పుడు అక్కడా ఇక్కడా వేసేవారిని చూశాను. రెండూ మంజూరైతే ఒకటి వదులుకోక తప్పదు. మూడు, విశ్వకర్మ పథకం సంగతి. పీఎంఈజీపీ తీసుకున్నవారికి ఐదేళ్ల దాకా విశ్వకర్మలో అర్హత ఉండదు. కాబట్టి రెండింటికీ ఒకేసారి పరుగెత్తకుండా ఏది కావాలో ముందే తేల్చుకోండి.

నన్ను అడిగితే ఆ తేల్చుకోవడం శిక్షణ తరువాత చేయమంటాను. ప్రతి జిల్లాలో ఒక బ్యాంకు ఆధ్వర్యంలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంటుంది. ఆర్‌సెటి అంటారు. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో ధర్మస్థల సంస్థ, రెండు బ్యాంకులు కలిసి మొదలుపెట్టిన నమూనాను చూసి తరువాత దేశమంతా పెట్టారు. శిక్షణ ఉచితం, భోజనం ఉచితం, దూరం నుంచి వచ్చేవారికి వసతీ ఉచితం. సాధారణంగా 18 నుంచి 45 ఏళ్ల లోపు గ్రామీణులను తీసుకుంటారు. కుట్టు శిక్షణ నెల రోజులు ఉంటుంది. మీకు కుట్టడం వచ్చు కదా, ఎందుకు వెళ్లాలని అనిపించవచ్చు. కుట్టు కోసం కాదమ్మా. అక్కడ పవర్ మిషను మీద చేయి తిరుగుతుంది. బొత్తాం కాజా మిషను, ఓవర్‌లాక్ మిషను ఏమిటో, వాటికి ఏయే మరమ్మతులు వస్తాయో తెలుస్తుంది. అన్నింటికంటే ముఖ్యంగా లెక్క రాయడం నేర్పుతారు. పైగా ఈ పథకంలో సబ్సిడీ విడుదలకు ముందు వ్యాపార శిక్షణ పొందాలన్న నియమం ఉంది. ఆర్‌సెటి సర్టిఫికెట్‌ను దాని కింద లెక్కలోకి తీసుకునే వీలుంది. చేరే రోజునే మీ పరిశ్రమల కేంద్రంలో అడిగి నిర్ధారించుకోండి. శిక్షణ అయిపోయాక కూడా రెండేళ్ల పాటు ఆ సంస్థ మీ బాగోగులు కనుక్కుంటుంది. బ్యాంకు దగ్గర మీ తరఫున మాట్లాడాల్సి వస్తే వాళ్లే మాట్లాడతారు, వాళ్లకు మీరు ఏమీ ఇవ్వనక్కరలేదు. మీ బ్యాంకు శాఖలో అడిగినా, మండల ఆఫీసులో డ్వాక్రా సంఘాల పని చూసేవారిని అడిగినా చిరునామా చెబుతారు.

శిక్షణలో నేను ప్రతి బ్యాచ్‌కూ ఒకే పని ఇచ్చేవాడిని. ఒక నైటీ విడదీసి దాని ఖర్చు రాయమనేవాడిని. గుడ్డ ఎన్ని మీటర్లు, మీటరు ఎంతకు, దారం, జిప్పు, లేసు, కుట్టినవారి కూలి, కరెంటు, ఇస్త్రీ, కవరు. అన్నీ కూడాక దుకాణదారు ఇచ్చే ధర పక్కన పెట్టమనేవాడిని. సగం మంది ఆ సాయంత్రమే తమ ప్రాజెక్టు మొత్తాన్ని తగ్గించుకునేవారు. మీరూ ఈ పని చేయండి. యూనిఫారాలకు గిరాకీ మే, జూన్ నెలల్లోనే ఉంటుంది. వాయిదా మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది. 3,60,000 మీద 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు నెల వాయిదా సుమారు 7,800 అవుతుంది. ఆగస్టు నుంచి మార్చి దాకా నైటీల మీద అది గట్టెక్కుతుందా అని చూసుకోండి. గట్టెక్కదనిపిస్తే ఆరు లక్షలు ఎందుకు? మూడు లక్షలతో మొదలుపెట్టండి. ఏజెంటు ఆరు అన్నాడంటే దానికి కారణం మీ అవసరం కాదు, పది శాతం ఆరు మీద ఎక్కువ వస్తుంది.

దరఖాస్తు ఖాదీ కమిషన్ వెబ్‌సైటు kviconline.gov.in లో వేయాలి. రుసుము లేదు. ఈ పథకానికి ఏ ప్రైవేటు వ్యక్తినీ, మధ్యవర్తినీ, ఫ్రాంచైజీనీ నియమించలేదని కమిషనే ప్రకటించింది. ముద్ర సంస్థ కూడా తమకు ఏజెంట్లు లేరని చెబుతుంది. ఒకవేళ ఎవరైనా ఏజెంటునంటూ గుర్తింపు కార్డు, స్టాంపు వేసిన కాగితం చూపిస్తే అది నకిలీ అని అర్థం చేసుకోండి. దరఖాస్తుకు ఆధార్, ఫోటో, ప్రాజెక్టు రిపోర్టు, కులం కింద ప్రయోజనం కోరితే కుల ధ్రువపత్రం, యూనిట్ పెట్టే చోటు గ్రామీణ ప్రాంతమని పంచాయతీ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. ఈ చివరిది చిన్న కాగితం, కానీ మీ లెక్కలో దాని విలువ 60,000 రూపాయలు. 35 శాతానికీ 25 శాతానికీ తేడా అదే. మీ ఇల్లు ఎక్కడుందో కాదు, మిషన్లు ఎక్కడ పెడతారో చూస్తారు. పక్క పట్టణంలో గది అద్దెకు తీసుకుంటే గ్రామీణ సబ్సిడీ రాదు.

ప్రాజెక్టు రిపోర్టు అంటే భయపడకండి. అదే వెబ్‌సైటులో నమూనాలు ఉచితంగా ఉన్నాయి, రెడీమేడ్ దుస్తులకు కూడా. నమూనా తీసుకుని మీ కొటేషన్ ధరలు, మీ నైటీ లెక్క అందులో పెట్టండి. ఆరు లక్షల్లో సుమారు 3,80,000 మిషన్లకు, బల్లలకు, కరెంటు పనికి, మిగిలిన 2,20,000 గుడ్డ, కూలి వంటి నడిపే ఖర్చుకు అన్నట్టు ఉంటే చూసేవారికి నమ్మకంగా ఉంటుంది. మిషన్లు లేకుండా నడిపే ఖర్చే మొత్తంగా చూపిస్తే పథకం ఒప్పుకోదు. స్థలం కొనే ఖర్చునూ ప్రాజెక్టులో కలపనివ్వరు. నింపడం రాకపోతే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి, సహాయం చేయడం వాళ్ల ఉద్యోగం. ఊళ్లో ఇంటర్నెట్ సెంటరులో టైపు చేయించి, స్కాన్ చేయించి, వంద రెండు వందలు ఇస్తే అది వాళ్ల పనికి కూలి, అందులో తప్పు లేదు. శాతం అడిగినవాడికీ కూలి తీసుకున్నవాడికీ తేడా ఇదే. కూలి తీసుకున్నవాడు పని కాగానే వెళ్లిపోతాడు. శాతం అడిగినవాడు మీ రుణంలో భాగస్తుడిలా కూర్చుంటాడు, నష్టంలో మాత్రం కనిపించడు.

దరఖాస్తులో ఒక గడిని మీ కళ్లతో చూసి వేయించండి. అది మొబైల్ నంబరు గడి. ఏజెంట్లు అక్కడ తమ నంబరు వేస్తారు. దాంతో ఓటీపీలు, పాస్‌వర్డు, 'మీ దరఖాస్తు బ్యాంకుకు పంపాము' అన్న సందేశాలు అన్నీ వాళ్లకే పోతాయి. రుణం దానంతటదే మంజూరైనా 'నేనే చేయించాను' అని వచ్చి వాటా అడుగుతారు. మీ నంబరు ఉంటే మీ దరఖాస్తు ఏ మెట్టు మీద ఉందో ఆ వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు. ఇంకొకటి, 'కమిటీలో మనవాళ్లున్నారు' అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఒకప్పుడు జిల్లా స్థాయి కమిటీ ఇంటర్వ్యూ చేసి సిఫారసు చేసేది. 2020లో ఆ మెట్టు తీసేశారు. ఇప్పుడు ఖాదీ బోర్డో, జిల్లా పరిశ్రమల కేంద్రమో కాగితాలు పరిశీలించి నేరుగా బ్యాంకుకు పంపుతుంది. ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు నిర్ణయం.

బ్యాంకు మేనేజరు ఏం చూస్తాడో నా కుర్చీలోంచి చెబుతాను. మీ పాత అప్పుల చరిత్ర చూస్తాడు. ఆ చరిత్రను నమోదుచేసే ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికి ఒకసారి మీ పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన ఉంది. దరఖాస్తుకు ముందే సిబిల్ వెబ్‌సైటు cibil.com లో తీసి చూసుకోండి. డ్వాక్రా సంఘం వాయిదాలు నిలిచిపోయి ఉంటే ముందు వాటిని సరిచేసుకోండి. ఆ తరువాత మేనేజరు మిమ్మల్ని మాట్లాడిస్తాడు. ఏజెంటుతో వచ్చినవారిని నేను సులభంగా గుర్తుపట్టేవాడిని. ప్రశ్న ఆమెను అడిగితే జవాబు పక్క కుర్చీలోంచి వచ్చేది. 'నైటీకి గుడ్డ ఎంత పడుతుందమ్మా' అని ఆమెనే చూసి అడిగితే ఆమె అతని వంక చూసేది. అలాంటి ఫైలు మీద సంతకం పెట్టడానికి చేయి రాదు. మీరు ఒంటరిగా వెళ్లి, మీ చేత్తో రాసిన లెక్కల పుస్తకం ముందు పెడితే ఏ సిఫారసూ దానికి సాటి రాదు. 10 లక్షల లోపు ఈ రుణానికి ఇల్లు, పొలం తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి.

అయినా బ్యాంకు కాదనవచ్చు. అప్పుడు కారణం రాతపూర్వకంగా అడగండి. 'ఈ శాఖ పరిధిలోకి మీ ఊరు రాదు', 'ఈ వస్తువుకు ఇప్పటికే యూనిట్లు ఎక్కువ ఉన్నాయి' వంటి కారణాలైతే సరిచేసుకోవడానికి దారి ఉంటుంది. జిల్లాలోని బ్యాంకుల పనిని సమన్వయం చేయడానికి ప్రతి జిల్లాకూ ఒక లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజరు ఉంటారు. ఆ కాగితం పట్టుకుని ఆయన్ను కలవండి. అక్కడా కాకపోతే బ్యాంకుకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. రుణం ఇచ్చి తీరమని అంబుడ్స్‌మన్ బ్యాంకును ఆదేశిస్తారని మాత్రం ఆశపడకండి. నిబంధన తప్పారా, అకారణంగా ఆలస్యం చేశారా అన్నదే అక్కడ తేలుతుంది.

'ఈ పది శాతంలో సగం మేనేజరుకే పోతుంది' అని ఏజెంటు చెప్పడం మామూలు. చాలాసార్లు ఆ మేనేజరుకు ఇతనెవరో కూడా తెలియదు. నా పేరు చెప్పి వసూలు చేసిన సంగతి నాకు రెండేళ్ల తరువాత తెలిసిన సందర్భం ఉంది. కానీ నిజంగానే ఉద్యోగి ఎవరైనా అడిగితే ఒక చట్టం సంగతి తెలిసి ఉండాలి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని మార్చాక లంచం ఇచ్చినవారు కూడా నేరస్థులే. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లోగా పోలీసులకు గానీ దర్యాప్తు సంస్థకు గానీ తెలియజేయాలి, అప్పుడే రక్షణ ఉంటుంది. అందువల్ల ఇవ్వకముందే చెప్పడం మేలు. తెలంగాణలో రాష్ట్ర ఉద్యోగుల మీద ఫిర్యాదుకు ఏసీబీ నంబరు 1064. బ్యాంకు ఉద్యోగి అయితే ఆ బ్యాంకు ప్రాంతీయ కార్యాలయానికి, విజిలెన్స్ విభాగానికి రాయండి.

పైన రాసిన అంకెలు 2022లో సవరించిన నియమాల ప్రకారం ఇచ్చినవి. దరఖాస్తు వేసే రోజున వెబ్‌సైటులో ఉన్న మార్గదర్శకాల కాగితం ఒకసారి తెరిచి సరిచూసుకోండి. ఏమైనా మారి ఉంటే అక్కడ ఉన్నదే లెక్క.

ఇంకొక్క మాట. ఆయనకు మీరు ఇప్పటికే ఆధార్, పాన్ కార్డు జిరాక్సులు ఇచ్చి ఉంటారని నా అనుమానం. ఇచ్చి ఉంటే తిరిగి తీసుకోండి. ఖాళీ చెక్కు, సంతకం పెట్టిన తెల్ల కాగితం ఇచ్చి ఉంటే అవి ముందు తెచ్చుకుని, చెక్కు సంగతి బ్యాంకులో చెప్పి ఆపించండి. ఆధార్ యాప్‌లో వేలిముద్రలను లాక్ చేసుకునే వీలుంది, మీ పిల్లలెవరైనా రెండు నిమిషాల్లో చేసిపెడతారు. ఫోన్ ద్వారా ఆయనకు ఇప్పటికే డబ్బు పంపి, మోసపోయామని తెలిస్తే 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. రెండు మూడు నెలల తరువాత మళ్లీ మీ క్రెడిట్ నివేదిక తీసి చూడండి. మీరు అడగని రుణం ఏదైనా మీ పేరు మీద కనిపిస్తే ఆ రోజే బ్యాంకుకూ, పోలీసులకూ రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.